డబ్బు తీసుకున్న సంగతి వీడియోలోనే చెప్పడం ఎలా?

క్లుప్తంగా: హోటలో, బట్టల కొట్టో, మేత కంపెనీయో డబ్బు ఇచ్చి చేయించిన వీడియోలో ఆ సంగతిని అక్షరాల్లోనూ మాటలోనూ చెప్పాలని దేశంలోని నిబంధనలు అడుగుతున్నాయి. యాప్ వేసే గుర్తు ఇందుకు సరిపోదు, ఎందుకంటే వీడియో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లగానే ఆ గుర్తు ఊడిపోతుంది. చెప్పడం వల్ల వీడియో చప్పబడిపోతుందన్న భయంలో కొంత నిజం ఉంది. అయితే చూసేవారు సరిచూసుకోలేని పొగడ్తకే ఆ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. నెల్లూరు చేపల పులుసు మీద 45 సెకన్ల రీల్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ లెక్కను వివరించే ప్రయత్నం ఇది.

### సందేహం ఎక్కడ మొదలవుతుంది

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు బస్టాండు దగ్గరో కొత్త హోటల్ తెరిస్తే వారం తిరిగేలోపు దాని మీద పది రీల్స్ వస్తున్నాయి. వాటిలో కొన్ని సొంత డబ్బుతో తిని చేసినవి, కొన్ని హోటల్ వాళ్లు పిలిచి పెట్టినవి, కొన్ని ముందే రేటు మాట్లాడుకున్నవి. చూసేవారికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కామెంట్లలో "ఎంత ఇచ్చారన్నా?" అన్న ప్రశ్న మామూలైపోయింది. అడిగేవారిలో చాలామందికి కోపం డబ్బు తీసుకున్నందుకు కాదు. తాము అడిగేదాకా చెప్పకపోవడమే వారికి నచ్చదు.

వీడియో చేసేవారి వైపు మరో గందరగోళం ఉంది. "డబ్బు తీసుకోలేదు, భోజనం మాత్రమే పెట్టారు, దీనికి కూడా చెప్పాలా?" అని కొందరు, "పోస్టు కింద హ్యాష్‌ట్యాగ్ పెట్టాం కదా" అని కొందరు అనుకుంటారు. "పెయిడ్ అని పెడితే జనం రారన్నా" అని హోటల్ యజమాని అంటాడు. మొదటి రెండింటికి నిబంధనల్లో సూటిగానే జవాబుంది. మూడోది వీడియో అల్లికకు సంబంధించినది, కాబట్టి దానికి ఎక్కువ చోటు కావాలి.

### నిబంధనలు అడిగేది ఎంత

దీని మీద రెండు వైపుల నుంచి నియమాలున్నాయి. ఒకటి ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందరూ ఆస్కీ అంటారు. ఇన్‌ఫ్లుయెన్సర్ల ప్రకటనల మీద దాని మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. రెండోది ప్రభుత్వం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసమే ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం విడుదల చేసింది.

రెండింటి సారం ఒకటే. ఇచ్చేవారికీ చెప్పేవారికీ మధ్య ఉన్న సంబంధం చూసేవారి నమ్మకాన్ని మార్చగలిగేదైతే దాన్ని బయటపెట్టాలి. ఆ సంబంధం నోట్ల రూపంలోనే ఉండనక్కర్లేదు. ఉచిత వస్తువు, డిస్కౌంటు, హోటల్ బస, ప్రయాణం, బహుమతి, ఉద్యోగం, బంధుత్వం కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి పిలిచి పెట్టిన భోజనం కూడా చెప్పవలసిందే. "హోటల్ వాళ్లు ప్రేమగా పిలిచారు" అన్న మాట ఇక్కడ పనికిరాదు. అందులో ఆతిథ్యం వినిపిస్తుంది గానీ బిల్లు కట్టలేదన్న విషయం వినిపించదు.

ఇది ప్రకటన అని తెలిపే గుర్తును ఎంతసేపు చూపాలో ఆస్కీ కొలత ఇచ్చింది. వీడియో 15 సెకన్లు, అంతకు తక్కువైతే గుర్తు కనీసం 3 సెకన్లు ఉండాలి. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపైతే మొత్తం నిడివిలో మూడో వంతు ఉండాలి. 2 నిమిషాలు, ఆ పైన అయితే ఆ బ్రాండు గురించో దాని గుణాల గురించో మాట్లాడుతున్న భాగం మొత్తం గుర్తు తెర మీదే ఉండాలి. గుర్తు ఇంగ్లీషులోనైనా ఉండవచ్చు, ప్రకటన నడిచే భాషలోనైనా ఉండవచ్చు. ప్రభుత్వ పుస్తకం ఇంకో అడుగు ముందుకు వేసి, వీడియోల విషయంలో కింద రాసే వివరణలో పెడితే చాలదనీ, వీడియోలోనే చూపుతూ మాటలో కూడా చెప్పాలనీ అంటుంది. ప్రత్యక్ష ప్రసారమైతే గుర్తు మొదటి నుంచి చివరి దాకా ఉండాలి.

ఆస్కీ స్వచ్ఛంద సంస్థ, దాని చేతిలో జరిమానా లేదు. చట్టానికి ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో మాట సాయం చేసినవారికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాది వరకు, పునరావృతమైతే మూడేళ్ల వరకు ఏ వస్తువునూ ప్రచారం చేయకుండా ఆపవచ్చు. ఇవి పై హద్దులు. జిల్లా స్థాయి ఫుడ్ పేజీ నడిపేవారికి అంతకంటే దగ్గరలో ఉన్న నష్టం ఊళ్లో మాట పోవడం.

### యాప్ వేసే గుర్తు మీద ఆధారపడితే ఏమవుతుంది

యూట్యూబ్‌లో వీడియో ఎక్కించేటప్పుడు డబ్బు తీసుకున్న ప్రచారం ఉందని గడిలో టిక్కు పెడితే, ఆడటం మొదలైన 10 సెకన్ల పాటు తెర మీద `Includes paid promotion` అన్న చిన్న చీటీ కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఖాతా పేరు దగ్గర `Paid partnership` అని వస్తుంది. ఇవి తప్పనిసరిగా వాడవలసినవే, యాప్‌ల సొంత నియమాలు కూడా వీటిని అడుగుతాయి. అయితే వీటిని సొంత గుర్తుకు అదనంగానే చూడాలి గానీ, దానికి బదులుగా కాదు.

కారణం సాంకేతికమైనది. యాప్ వేసే చీటీ వీడియో ఫైలులో ఉండదు. యాప్ తెర మీద పైపొరగా అతికించి ఉంటుంది. మన దగ్గర హోటల్ రీల్ ప్రయాణం ఎలా ఉంటుందో గమనిస్తే దీని ఫలితం తెలుస్తుంది. ఎవరో డౌన్‌లోడ్ చేస్తారు, లేదా తెరను రికార్డు చేసి పక్కలు కోస్తారు. అది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి స్టేటస్‌లోకి, అక్కడి నుంచి కావలి, ఆత్మకూరు బంధువుల గ్రూపుల్లోకి పోతుంది. ఆ దారిలో ఖాతా పేరూ పోతుంది, కింద రాసిన వివరణా పోతుంది, చీటీ కూడా పోతుంది. ఫైలులో కలిసిపోయిన అక్షరాలు, గొంతు మాత్రం వెంట వెళ్తాయి.

ఇంకో చిన్న చిక్కు ఉంది. చీటీ ఇంగ్లీషులోనో, ఫోన్ ఏ భాషలో పెట్టుకుంటే ఆ భాషలోనో వస్తుంది. తెలుగులో మాట్లాడే వీడియోను తెలుగు మాత్రమే చదివేవారు చూస్తున్నప్పుడు, పేరు పక్కన ఉన్న రెండు సన్నని ఇంగ్లీషు మాటలు వారికి అలంకారంలా దాటిపోతాయి. కాబట్టి గుర్తును వీడియో తయారీలో భాగంగా చూడాలి, ఎక్కించేటప్పుడు చేసే లాంఛనంగా కాదు.

### ఒక రీల్ లెక్క: 45 సెకన్ల పులుసు

ఒక ఊహాజనిత ఉదాహరణ. నెల్లూరులో ఒక హోటల్ తన చేపల పులుసు మీద రీల్ చేయమని ఒక ఫుడ్ పేజీని అడిగింది. 8,000 రూపాయలు, ఇద్దరికి భోజనం ఇస్తుంది. రీల్ నిడివి 45 సెకన్లు.

ఆస్కీ లెక్కన గుర్తు కనీసం 15 సెకన్లు ఉండాలి. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. కొందరు ఆ 15 సెకన్లను చివరకు నెట్టి, హోటల్ చిరునామా వచ్చే చోట వేస్తారు. కొలత సరిపోయినట్టే ఉంటుంది. కానీ రీల్ చూసేవారిలో చాలామంది చివరిదాకా ఉండరు, కాబట్టి మధ్యలో వెళ్లినవారికి అది అందలేదు. మొదటి 15 సెకన్లలో వేస్తే కొంత నయం. అయినా రీల్‌ను కోసి పంపేవారు సాధారణంగా పళ్లెం కనిపించే మధ్య భాగాన్నే ఉంచుతారు. 45 సెకన్లూ ఉంచడమే తేలిక దారి. చిన్న గుర్తును మొత్తం ఉంచినంత మాత్రాన దృశ్యానికి పోయేదేమీ లేదు. మధ్యలో హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే గుర్తే నిజానికి కంటికి ఎక్కువ తగులుతుంది. మొదటి ఫ్రేమ్ నుంచీ ఉన్నదాన్ని కన్ను ఒకసారి చదివి, టీవీ మూలలో ఛానల్ గుర్తులాగా పక్కన పెట్టేస్తుంది.

ఏ మాట వాడాలి. "ప్రకటన" అన్న మాట అందరికీ తెలుసు. దినపత్రికల్లో దశాబ్దాలుగా చూస్తున్నదే. "ప్రాయోజితం" అనేది అనువాదకుల మాట, హోటల్‌కు వచ్చేవారిలో ఎంతమందికి అర్థమవుతుందో చెప్పలేం. "కొలాబ్" అంటే ఇద్దరు కలిసి చేసిన వీడియో అనుకునే అవకాశం ఉంది. "థ్యాంక్స్" చెబుతూ హోటల్ పేరు ట్యాగ్ చేయడం డబ్బు సంగతి ఏమీ చెప్పదు. "ప్రకటన" అన్న ఒక్క మాట పొడిగా అనిపిస్తే "ప్రకటన: హోటల్ వాళ్లు డబ్బులిచ్చారు" అని ఒకే వరుసలో రాయవచ్చు. గుర్తు పట్టే మాట మొదట, వివరం తరువాత ఉండాలి.

ఎక్కడ పెట్టాలి. నిలువు వీడియో 1080 వెడల్పు, 1920 ఎత్తు పిక్సెళ్లు. కింది భాగాన్ని ఖాతా పేరు, వివరణ, పాట పేరు కప్పేస్తాయి. కుడి అంచున లైకు, కామెంటు బొమ్మలు ఉంటాయి. పైన కూడా దాదాపు 250 పిక్సెళ్లు యాప్ సొంత గుర్తులకు పోతాయి. ఖాతా పేజీలో రీల్ ముఖచిత్రాన్ని 3:4 కొలతకు కోస్తే పైన 240 పిక్సెళ్లు కనిపించవు. అందుకని పై అంచు నుంచి 280 పిక్సెళ్లు దిగి, ఎడమ అంచు నుంచి 80 పిక్సెళ్లు లోపలికి పెడితే అన్ని చోట్లా కనిపిస్తుంది. అక్షరం ఎత్తు 60 పిక్సెళ్లుంటే ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న ఫోన్ తెర మీద సుమారు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. చెయ్యి చాచి పట్టుకున్నా చదవగలిగే కొలత అది.

పులుసు వీడియోకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఒక షాట్‌లో ఎర్రటి పులుసు, తరువాతి షాట్‌లో తెల్లటి అన్నం, మధ్యలో ఆవిరి. తెల్ల అక్షరాలు అన్నం మీద మాయమవుతాయి, ఎర్రవి పులుసులో కలిసిపోతాయి. అక్షరాల వెనుక నల్లటి పలక వేసి, దాన్ని ముప్పాతిక వంతు చిక్కగా ఉంచితే ఏ షాట్ మీదైనా నిలుస్తుంది. మరో ఇబ్బంది తెలుగుదే. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో కొన్ని ఫాంట్లతో ఒత్తులు విడిపోతాయి. "ప్రకటన"లో క్రావడి జారిపోయి, పకారానికి పక్కన పొల్లుతో ముద్రణ అవుతుంది. మరీ సన్నని ఫాంటులో క్రావడి గీత కనిపించనే కనిపించదు. బొద్దుగా ఉన్న ఫాంటు తీసుకుని, వీడియోను పూర్తిగా ఎగుమతి చేశాక ఆ ఒక్క మాటను మళ్లీ చదువుకోవాలి. ఎడిటింగ్ తెర మీద బాగున్నది ఎగుమతిలో చెడిన సందర్భాలు తక్కువ కాదు.

గొంతుతో ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి. రీల్ మొదటి మూడు సెకన్లు చూసేవారిని నిలబెట్టే చోటు. ఆ చోటును పులుసుకే వదిలేయాలి. మట్టి దాకలో కుతకుతమని ఉడుకుతున్న పులుసు, ఆ శబ్దం, పై మూలలో గుర్తు. మూడో సెకను నుంచి ఏడో సెకను దాకా ఒకే వాక్యం: "ఈ వీడియోకి హోటల్ వాళ్లు డబ్బులిచ్చారు, భోజనం కూడా వాళ్లదే." ఎనిమిది మాటలు. మామూలు వేగంతో చదివితే నాలుగు సెకన్ల లోపే అయిపోతుంది.

ఈ వాక్యం పాడయ్యే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. మిగతా వీడియో అంతా హుషారుగా మాట్లాడిన గొంతు ఇక్కడికి వచ్చేసరికి తగ్గిపోతుంది, వేగం రెట్టింపవుతుంది, పాట పైకి లేస్తుంది. చూసేవారు దాన్ని వెంటనే పసిగడతారు. దాచాలనుకుంటున్నారని మాట కంటే ముందు స్వరం చెప్పేస్తుంది. దీనికి తేలికైన మందు ఆ నాలుగు సెకన్లలో పాటను పూర్తిగా ఆపేయడం. పాట ఆగగానే పులుసు ఉడికే శబ్దం ఒక్కటే మిగులుతుంది, దాని మీద మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఏడో సెకనులో పాట తిరిగి మొదలైతే అదే తరువాతి భాగానికి ఊపు ఇస్తుంది. వెల్లడి చేసే వాక్యం ఇక్కడ వీడియో లయలో ఒక విరామంగా పనిచేస్తుంది.

అక్షరాలున్నాక మాట ఎందుకని అడగవచ్చు. బస్సులో శబ్దం ఆపుకుని చూసేవారికి అక్షరాలే దిక్కు. ఫోన్ పక్కన పెట్టి కూరగాయలు తరుగుతూ వినేవారికీ, చత్వారం వల్ల చిన్న అక్షరాలు చదవలేని పెద్దవారికీ గొంతే దిక్కు. రెండు దారులూ ఉంటే తప్ప అందరికీ చేరదు.

### ఆకర్షణ నిజంగా ఎక్కడ తగ్గుతుంది

ఇప్పుడు హోటల్ యజమాని భయానికి వద్దాం. 1994లో మరియన్ ఫ్రీస్టాడ్, పీటర్ రైట్ అన్న ఇద్దరు పరిశోధకులు ప్రకటనల రంగంలో ఇప్పటికీ వాడుతున్న ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఎదుటివారు తమను ఒప్పించాలని చూస్తున్నారని తెలిసిన క్షణం నుంచి మనిషి వినే తీరు మారుతుంది. అంతవరకూ కబురుగా విన్నదాన్ని అప్పటి నుంచి బేరంగా వింటాడు. ఒప్పించే ప్రయత్నాన్ని తట్టుకోవడానికి తనకున్న అనుభవాన్నంతా బయటకు తీస్తాడు. యజమాని భయం ఈ మార్పు గురించే. అది ఉత్త అపోహ కాదు.

అయితే ఆ మార్పు అన్ని మాటల మీదా ఒకేలా పనిచేయదు. ఒకే రీల్‌లో రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. "నెల్లూరులోనే నంబర్ వన్ పులుసు, ఒక్కసారి తింటే వదలరు" అన్నది బేరం చెవితో వింటే ఖాళీగా వినిపిస్తుంది. డబ్బు తీసుకున్నవారు అనగలిగే మాటే అది, ఎవరైనా అంటారు. "పళ్లెంలో రెండు ముక్కలు వస్తాయి, మామిడికాయ ముక్కలు దించే ముందు వేస్తున్నారు, పులుపు కాస్త ఎక్కువే" అన్నది బేరం చెవితో విన్నా చెక్కుచెదరదు. వెళ్లి చూస్తే తేలిపోయే విషయాలు అవి, అబద్ధం చెబితే రేపటికే బయటపడతాయి. డబ్బు సంగతి చెప్పడం వల్ల మొదటి వాక్యం పడిపోతుంది, రెండోది నిలుస్తుంది. గుర్తు పెట్టగానే వీడియో చప్పబడిందని బాధపడేవారు తమ స్క్రిప్టును తిరగేస్తే, అందులో మొదటి రకం వాక్యాలే నిండి ఉండటం కనిపిస్తుంది.

మొదటి రకంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. "నంబర్ వన్" అనేది రుజువు అడిగే దావా. అలాంటి దావాకు హోటల్ దగ్గర ఆధారం ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత చెప్పేవారి మీద కూడా ఉంటుంది. చెప్పేవారు ఆ వస్తువును నిజంగా వాడి ఉండాలని ప్రభుత్వ పుస్తకం అంటుంది. పళ్లెం ముందు కూర్చుని నాలుగు షాట్లు తీసుకుని తినకుండా లేచే అలవాటుకు అది నేరుగా అడ్డం.

కాబట్టి ఏడో సెకను తరువాత మిగిలిన 38 సెకన్లను ఇలా నింపవచ్చు. ఏడు నుంచి ఇరవై దాకా వంట: చింతపండు పులుసు కాగాక ముక్కలు వేయడం, ఆ తరువాత గరిట పెట్టకుండా దాకను అంచులు పట్టుకుని తిప్పడం. ముక్క చితకకుండా ఉండటానికి మన ఇళ్లలో చేసే పనే అది. చూపించదగిన దృశ్యం, పొగడ్త అవసరం లేదు. ఇరవై నుంచి ముప్పై రెండు దాకా పళ్లెం, అందులో ఏం వస్తుంది, ధర ఎంత. ముప్పై రెండు నుంచి నలభై దాకా పరిమితులు: బొమ్మిడాయిలు అన్ని రోజులూ దొరకవు, ఆదివారం మధ్యాహ్నం చోటు కోసం నిలబడాలి, కారు పెట్టుకోవడం కష్టం. చివరి ఐదు సెకన్లు చిరునామా.

పరిమితులు చెప్పే ఎనిమిది సెకన్లే ఈ రీల్‌కు వెన్నెముక అని ధైర్యంగా చెప్పవచ్చు. డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్న గొంతే "ఆదివారం రాకండి" అన్నప్పుడు, మిగతా మాటలకు కూడా బరువు వస్తుంది. కానీ ఆ లోపాలు నిజమైనవై ఉండాలి. "రుచి మరీ ఎక్కువ, అదే ఒక్క లోపం" అన్నట్టు పొగడ్తకే లోపం వేషం వేస్తే అది మొదటి రకం వాక్యం కంటే హీనంగా పనిచేస్తుంది.

### నిడివి పెరిగితే: చెరువు గట్టు మీది వీడియో

అదే సూత్రం పెద్ద వీడియోలో ఎలా మారుతుందో చూడటానికి రొయ్యల సాగు వీడియో మంచి ఉదాహరణ. ఒంగోలు, కొత్తపట్నం నుంచి నెల్లూరు తీరం దాకా రొయ్య రైతులు యూట్యూబ్‌లో సలహాలు వెతుకుతారు. చెరువులో నీటి నాణ్యత మీద 9 నిమిషాల వీడియో అనుకుందాం. అందులో 4:10 నుంచి 6:00 దాకా చెరువులో చల్లే ఒక ప్రోబయోటిక్ మందు గురించి చెప్పారు, దానికి ఆ కంపెనీ డబ్బు ఇచ్చింది. 8:20 దగ్గర మళ్లీ దాని పేరు వచ్చి 20 సెకన్లు నడిచింది.

ఆస్కీ కొలత ప్రకారం గుర్తు ఆ రెండు భాగాల్లోనూ పూర్తిగా ఉండాలి: 110 సెకన్లు, 20 సెకన్లు. చాలామంది రెండోదాన్ని మరిచిపోతారు. పేరు యాదృచ్ఛికంగా వచ్చినట్టు అనిపించే ఆ చోటే నమ్మకాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. యూట్యూబ్ చీటీ మొదటి 10 సెకన్లకే పరిమితం కాబట్టి, నాలుగో నిమిషానికి అది ఎవరికీ గుర్తుండదు. వెతికి నేరుగా మధ్యలోకి దూకేవారు దాన్ని చూసి కూడా ఉండరు.

హోటల్ రీల్‌కూ దీనికీ ఉన్న తేడా సలహాలో ఉంది. మిగతా ఏడు నిమిషాలు సలహాగా, ఈ రెండు నిమిషాలు ప్రకటనగా ఉన్నప్పుడు, సలహా కూడా ప్రకటనకు దారి తీసేలా అల్లారేమో అన్న అనుమానం సహజం. 4:10 దగ్గర చెప్పడంతో పాటు, మొదటి అర నిమిషంలో కూడా ఒకసారి "ఈ వీడియోలో ఒక మందు గురించి వస్తుంది, దానికి కంపెనీ డబ్బులిచ్చింది, మిగతా భాగానికి వాళ్లతో సంబంధం లేదు" అనడం ఆ అనుమానానికి సరైన జవాబు. ఆ చివరి మాట నిజమైతేనే అనాలి. స్క్రిప్టు మొత్తాన్ని కంపెనీ చదివి దిద్ది ఉంటే 9 నిమిషాలూ ప్రకటనే అవుతుంది, గుర్తు కూడా మొత్తం ఉండాలి.

ప్రకటన భాగం మొదలైన చోట చూసేవారు జారిపోతున్నారా లేదా అన్నది యూట్యూబ్ స్టూడియోలో ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో చూపే గీతను చూస్తే తెలుస్తుంది. 4:10 దగ్గర గీత నిటారుగా పడి, 6:00 దగ్గర మళ్లీ లేస్తే ఆ భాగాన్ని దాటవేశారని అర్థం. పడి లేవకపోతే వీడియోనే వదిలేశారు. ఒక్క వీడియో చూసి తీర్పు చెప్పకూడదు. అదే ఛానల్‌లో డబ్బు తీసుకోని వీడియో గీత కూడా నాలుగో నిమిషంలో ఎంతో కొంత తగ్గుతుంది. ఆ తరుగును తీసేశాక మిగిలిందే ప్రకటన వల్ల పోయింది. అది పెద్దగా ఉంటే సాధారణంగా కారణం గుర్తు కాదు, ఆ రెండు నిమిషాల్లో కంపెనీ కరపత్రాన్ని చదవడమే. ఎకరం చెరువుకు ఎంత మోతాదు, ఏ సమయంలో చల్లాలి, ఆక్సిజన్ తక్కువున్న తెల్లవారుజామున చల్లితే ఏమవుతుంది అన్నవి చెబితే రైతు ప్రకటనని తెలిసీ కూర్చుంటాడు.

### బేరం దగ్గరే తేల్చుకోవలసినవి

గుర్తు మీద పేచీ ఎప్పుడూ వీడియో పూర్తయ్యాకే వస్తుంది. యజమాని చూసి "ఆ మాట తీసేయండి" అంటాడు. అప్పటికి సగం డబ్బు చేతిలో ఉంటుంది, మిగతా సగం ఆయన దగ్గర ఉంటుంది. అందుకే రేటు మాట్లాడే వాట్సాప్ సందేశంలోనే మూడు విషయాలు రాసి ఒప్పుకోలు తీసుకోవడం మంచిది. "ప్రకటన" అన్న గుర్తు మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది. డబ్బు సంగతి మాటలో చెబుతారు, రెండూ తీయరు. నిజంగా కనిపించిన పరిమితి ఒకటైనా వీడియోలో ఉంటుంది. దీనికి ఒప్పుకోని హోటల్‌తో బేరం వదులుకోవడమే తరువాత పేజీ పేరు పోగొట్టుకోవడం కంటే చవక.

ఇన్‌స్టాగ్రామ్ సొంత గుర్తు వాడేటప్పుడు హోటల్ ఖాతాను జోడిస్తే, అవతలివారు అనుమతి ఇవ్వవలసి రావచ్చు. చిన్న హోటళ్ల ఖాతాను యజమాని కొడుకో మేనల్లుడో చూస్తుంటాడు, అనుమతి రోజుల తరబడి రాదు. వీడియోలో కలిపేసిన గుర్తు ఎవరి అనుమతి కోసమూ ఆగదు.

### పెట్టేముందు చేసే పరీక్ష

గుర్తు పనిచేస్తోందా లేదా అన్నది తయారు చేసినవారికి తెలియదు, ఎందుకంటే అది అక్కడ ఉందని వారికి ముందే తెలుసు. బేరంతో సంబంధం లేని ముగ్గురికి చూపించాలి, అందులో ఒకరు యాభై దాటినవారైతే మేలు. మొదటివారికి శబ్దం ఆపి ఒక్కసారి, రెండోవారికి ఫోన్ బోర్లా పెట్టి గొంతు మాత్రమే, మూడోవారికి ఇరవయ్యో సెకను నుంచి ముప్పయ్యో సెకను దాకా కోసిన ముక్కను వాట్సాప్‌లో పంపాలి. ముగ్గురినీ "ఎలా ఉంది?" అని అడగకుండా "దీనికి హోటల్ వాళ్లు డబ్బులిచ్చారా?" అని అడగాలి.

మొదటివారు తడబడితే అక్షరాల కొలత, పలక, చోటు చూడాలి. రెండోవారు తడబడితే ఆ వాక్యాన్ని మళ్లీ రికార్డు చేయాలి, పాట ఆగిందో లేదో చూడాలి. మూడోవారు తడబడితే గుర్తు మధ్యలో ఎక్కడో ఆగిపోయిందన్న మాట. వాట్సాప్ కుదింపులో అక్షరాలు అలుక్కుపోయి ఉండవచ్చు కూడా. అలాంటప్పుడు ఫాంటు ఇంకాస్త బొద్దుది తీసుకుని, ఎత్తు 60 నుంచి 72 పిక్సెళ్లకు పెంచి మళ్లీ పంపి చూడాలి.